లెక్కల మాస్టారి పుట: నలభైతొమ్మిదిలో ఆరు



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మైపాడు వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి కుర్రవాడు. తన పేరు వేయవద్దని కోరాడు గనక వేయడం లేదు. అతను ఇలా రాశాడు:

"మాస్టారికి నమస్కారాలు. మా నాయన పడవ మీద వేటకు పోతాడు. ఎవరో ఆయన ఫోనుకు ఒక లాటరీ సంగతి పంపినారు. 1 మొదలు 49 దాకా ఉండే అంకెల్లో మనం ఆరు చెప్పాలంట. వాళ్ళు తీసే ఆరూ, మనం చెప్పిన ఆరూ ఒకటే అయితే కోటి రూపాయలంట. నాయన వారానికి 50 రూపాయలు పంపుతున్నాడు. అది వల బాగుచేయించేదానికి దాచిన డబ్బు. పోయిన నెలలో మూడు అంకెలు తగిలినయి. 'సగం దూరం వచ్చినాం, ఇంక సగమే గదరా' అంటాడు. అమ్మ వద్దంటే వినడు. ఎన్ని వారాలు కడితే ఆరూ తగులుతాయో లెక్క కట్టి చెప్పండి."

మంచి ప్రశ్న వేశావు, నాయనా! 'నాయనది తప్పా, ఒప్పా?' అని అడగకుండా 'ఎన్ని వారాలు?' అని అడిగావు. తప్పొప్పులంటే ఇంట్లో వాదన పెరుగుతుంది. లెక్కయితే ఎవరు చేసినా ఒకటే వస్తుంది. (ఒక చిన్న సవరణ మాత్రం చేస్తాను. 0 నుంచి 9 వరకూ ఉన్నవి అంకెలు. 49 అంకె కాదు, సంఖ్య. మన లెక్కకు సంఖ్యలే కావాలి.)

ఈ 'నలభైతొమ్మిదిలో ఆరు' ఆట ఎక్కడినుంచి వచ్చిందో ముందు చెబుతాను. జర్మనీ దేశంలో హాంబర్గు నగరంలో 1955వ సంవత్సరం అక్టోబరు 9వ తేదీన ఈ పద్ధతిలో మొదటిసారి బంతులు తీశారు. కెనడాలో 1982 నుంచి ఇదే ఆట సాగుతున్నది. ఇంగ్లండులో 1994 నవంబరులో మొదలై, 2015 దాకా నలభైతొమ్మిదితోనే నడిచింది. తర్వాత అక్కడ సంఖ్యలను 59కి పెంచారు. అంటే గెలుపును ఇంకా కష్టం చేశారన్నమాట. అంతటా ఆట తీరు ఒక్కటే. నలభైతొమ్మిది బంతుల మీద 1 నుంచి 49 వరకూ సంఖ్యలు వేసి, ఒక పాత్రలో కలిపి తిప్పుతారు. ఆరు బంతులు ఒక్కొక్కటిగా బయటికి తీస్తారు. తీసిన బంతిని మళ్ళీ లోపల వేయరు. ఏది ముందు వచ్చింది, ఏది వెనక వచ్చింది అన్నది చూడరు. ఆరు సంఖ్యలు ఏవో అదే చూస్తారు.

ఆ చివరి రెండు మాటలూ గుర్తుంచుకోండి. తీసినది మళ్ళీ వేయరు, వరస చూడరు. మన లెక్కంతా వీటిమీదనే నిలబడింది.

పెద్ద లెక్క చేయబోయే ముందు అదే పోలికలో చిన్న లెక్క ఒకటి చేయాలి. చిన్నదానిలో జవాబు సరి అయినదో కాదో వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకోవచ్చు. అందుచేత అయిదు చీటీలు తీసుకుని వాటిమీద 1, 2, 3, 4, 5 అని రాయండి. మడిచి ఒక చెంబులో వేయండి. వాటిలోంచి మూడు తీద్దాం.

మొదటి చీటీ తీసేటప్పుడు చెంబులో అయిదు ఉన్నవి గనక, అది అయిదు విధాలుగా రావచ్చు. అది పోగా నాలుగు మిగిలినవి. రెండోది నాలుగు విధాలు. ఆ తర్వాత మూడు మిగిలినవి. మూడోది మూడు విధాలు. మొత్తం 5 × 4 × 3 = 60 విధాలు.

అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. అరవై అని రాసి సంతోషంగా పలక కింద పెడతారు. ఆ అరవైలో 1, 2, 3 అని వచ్చినదీ, 3, 1, 2 అని వచ్చినదీ వేరువేరుగా లెక్కలోకి వచ్చినవి. కాని మన ఆటలో వరస చూడరు గదా! ఆ రెండూ ఒకటే. మరి ఒక్కొక్క గుంపు ఎన్నిసార్లు లెక్కలోకి వచ్చింది? 1, 2, 3 అనే గుంపును చూడండి: 123, 132, 213, 231, 312, 321. ఆరు సార్లు. ఇది కూడా గుణకారంతోనే వస్తుంది. మూడింటిలో ఏదైనా ముందుండవచ్చు, మిగిలిన రెంటిలో ఏదైనా రెండోది కావచ్చు, చివరకు ఒకటే మిగులుతుంది: 3 × 2 × 1 = 6. ప్రతి గుంపూ ఇలాగే ఆరు సార్లు వచ్చింది గనక, 60ని 6తో భాగించాలి. జవాబు 10.

నిజమో కాదో లెక్కపెడదాం: 123, 124, 125, 134, 135, 145, 234, 235, 245, 345. సరిగ్గా పది. పదకొండోది చూపించినవాడికి నా కళ్ళజోడు ఇచ్చేస్తాను.

వరసతో లెక్కపెడితే వచ్చిన అరవైని 'ప్రస్తారాలు' అంటారు. వరస మానేసి గుంపులను లెక్కపెడితే వచ్చిన పదిని 'సంయోగాలు' అంటారు. పెద్ద తరగతులలో ఈ పేర్లు చూసి జడుసుకునేవారు కొందరుంటారు. చెంబులో చీటీలను గుర్తుచేసుకుంటే జడుపు ఉండదు.

ఈ పద్ధతి ఎక్కడో దూరదేశంలో పుట్టినది కాదు. సుమారు 850వ సంవత్సర ప్రాంతంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడనే జైన గణితజ్ఞుడు 'గణితసారసంగ్రహం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో ఈ సూత్రం ఉన్నది. సంఖ్యలను ఒక వరసలో ఎక్కుతూ, ఇంకొక వరసలో దిగుతూ రాసి, కావలసినన్నింటిని గుణించి, ఒక లబ్ధాన్ని రెండోదానితో భాగించమంటాడు. మనం ఇప్పుడు చేసినది అదే. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని 'సారసంగ్రహ గణితము' అనే పేరుతో తెలుగులోకి తెచ్చాడు. తెలుగు పద్యాలలో లెక్కలు చెప్పిన తొలినాటి పెద్దలలో ఆయన ఒకడు.

సరే, ఇక చెంబు తీసి పక్కన పెట్టి, నలభైతొమ్మిది బంతుల దగ్గరకు వద్దాం.

మొదటి బంతి 49 విధాలు. తిరిగి వేయరు గనక రెండోది 48, మూడోది 47, నాలుగోది 46, అయిదోది 45, ఆరోది 44 విధాలు. అన్నిటినీ గుణించాలి. నెమ్మదిగా చేద్దాం.

49 × 48 = 2,352
2,352 × 47 = 1,10,544
1,10,544 × 46 = 50,85,024
50,85,024 × 45 = 22,88,26,080
22,88,26,080 × 44 = 10,06,83,47,520

వెయ్యిన్ని ఆరు కోట్లు దాటింది! ఇది వరసతో కూడిన లెక్క. ఇక్కడే ఆగితే చిన్న లెక్కలో అరవై దగ్గర ఆగిన తప్పే మళ్ళీ చేసినవాళ్ళమవుతాం. ఆరు సంఖ్యల గుంపు ఒకటి ఎన్ని వరసలలో రావచ్చు? 6 × 5 × 4 × 3 × 2 × 1 = 720. అంటే ప్రతి గుంపూ 720 సార్లు లెక్కలో పడింది. కనక 720తో భాగించాలి.

10,06,83,47,520 ÷ 720 = 1,39,83,816

ఒక కోటి ముప్పైతొమ్మిది లక్షల ఎనభైమూడు వేల ఎనిమిదివందల పదహారు. నలభైతొమ్మిదిలోంచి ఆరేసి సంఖ్యలను ఇన్ని విధాలుగా ఏరవచ్చు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఇంత పెద్ద గుణకారంలో చెయ్యి జారడం సులభం. అందుకని ఇంకొక దారిన కూడా చేసి సరిచూసుకోవాలి. లవంలో 49, 48, 47, 46, 45, 44 రాసి, హారంలో 6, 5, 4, 3, 2, 1 రాయండి. కింద ఉన్న 6, 4, 2 గుణిస్తే 48 వస్తుంది. పైనున్న 48తో అది కొట్టుడుపోతుంది. కింద మిగిలిన 5, 3 గుణిస్తే 15. పైనున్న 45లో అది మూడుసార్లు పోతుంది. హారం పూర్తిగా పోయింది. పైన మిగిలినవి 49 × 47 × 46 × 3 × 44. దీనిని గుణించి చూడండి. 49 × 47 = 2,303; దానిని 46తో గుణిస్తే 1,05,938; మూడుతో గుణిస్తే 3,17,814; నలభైనాలుగుతో గుణిస్తే 1,39,83,816. రెండు దారులూ ఒక్క ఊరికే చేర్చినవి. భాగించినప్పుడు శేషం మిగిలితే మాత్రం ఎక్కడో తప్పు చేశారని వెంటనే తెలుసుకోండి. గుంపులు ముక్కలుగా ఉండవు గదా!

బంతులు మోసం లేకుండా తీస్తే ఈ గుంపులన్నిటికీ సమానమైన అవకాశమే ఉంటుంది. మన చేతిలోని చీటీ మీద ఉన్నది ఒకే ఒక గుంపు. కనక ఆరూ తగిలే సంభావ్యత 1,39,83,816లో ఒకటి.

కొందరు '1, 2, 3, 4, 5, 6 అని రాస్తే ఎప్పటికీ రాదు. చెదురుమదురుగా రాయాలి' అంటారు. బంతికి తన మీద ఏ సంఖ్య ఉన్నదో తెలియదు. పక్క బంతి మీద ఏమున్నదో అసలే తెలియదు. ఆ గుంపుకూ ఉన్నది అదే ఒక్క అవకాశం; మీరు ఎంతో ఆలోచించి రాసిన గుంపుకూ అదే ఒక్క అవకాశం. తేడా వేరే చోట ఉన్నది. 1995 జనవరి 14న ఇంగ్లండులో 7, 17, 23, 32, 38, 42 వచ్చినవి. ఆ ఆరూ సరిగ్గా రాసినవారు ఒకరు కాదు, 133 మంది! పెద్ద బహుమతిని 133 ముక్కలు చేసి పంచవలసి వచ్చింది. ఎక్కువమంది రాసే గుంపును మనమూ రాస్తే తగిలే అవకాశం తగ్గదు. తగిలితే వచ్చే వాటా తగ్గుతుంది.

1,39,83,816 అని నోటితో చెప్పడం సులభమే. అది ఎంతో మనసుకు అందదు. మా మనవడూ, మనవరాలూ ఇదే ప్రశ్న వేశారు, 'తాతయ్యా, అంటే ఎన్ని?' అని. వాళ్ళ చేత వెయ్యి బియ్యపు గింజలు లెక్కపెట్టించాను. పదేసి గింజలు వంద కుప్పలు పోయడానికి పిల్లలకు అరగంట పైగా పట్టింది. మధ్యలో ఒకసారి పిల్లి వచ్చి రెండు కుప్పలు చెరిపింది. ఆ వెయ్యి గింజలనూ అంగడిలో తూకం వేయిస్తే ఇరవై గ్రాములకు అటూ ఇటూగా తూగినవి. బియ్యం రకాన్ని బట్టి ఇది కాస్త మారుతుంది. వెయ్యి గింజలు ఇరవై గ్రాములయితే, 1,39,83,816 గింజలు సుమారు 280 కిలోలు. ఇరవైఅయిదు కిలోల బస్తాలు పదకొండు నిండి, ఇంకా కొంత బియ్యం మిగులుతుంది.

ఇప్పుడు ఆ బియ్యంలో ఒకే ఒక గింజకు పసుపు పూసి, బాగా కలిపేసి, నడివీధిలో కుప్ప పోశామనుకోండి. మీ కళ్ళకు గంత కట్టి, 'ఒక గింజ తియ్యి' అన్నాం. పసుపు గింజే మీ వేళ్ళకు రావాలి. లాటరీ చీటీ కొనడమంటే అదే. మరుసటి వారం మళ్ళీ కొంటే, ఆ గింజను తిరిగి కుప్పలో వేసి, మళ్ళీ కలిపి, మళ్ళీ గంత కట్టి తీయడం. పోయినవారం తీసిన గింజ పసుపుది కాదు గనక ఈవారం కుప్ప చిన్నదవదు. కుప్ప ఎప్పుడూ 280 కిలోలే.

ఇక మన కుర్రవాడి నాయన మాట చూద్దాం. మూడు తగిలినవి గనక సగం దూరం వచ్చామని గదా ఆయన అంటున్నాడు? ఆయన మాట తేలికగా తీసివేయవద్దు. పడవ సగం దూరం వస్తే ఒడ్డు సగం దూరంలోనే ఉంటుంది. ఆయన జీవితమంతా చూసిన లెక్క అది. కాని సంయోగాల లెక్క అలా నడవదు.

సరిగ్గా మూడు తగిలే గుంపులు ఎన్నో కడదాం. తీసిన ఆరు బంతులలో మూడు మన చీటీలో ఉండాలి. ఆరింటిలో మూడు ఎన్ని విధాలు? (6 × 5 × 4) ÷ (3 × 2 × 1) = 20. మన చీటీలోని మిగిలిన మూడూ తీయని నలభైమూడు సంఖ్యలలోనివి కావాలి. నలభైమూడులో మూడు ఎన్ని విధాలు? (43 × 42 × 41) ÷ 6 = 12,341. మొదటి ఇరవైలో ప్రతిదానికీ రెండోదానిలో ఏదైనా జతపడవచ్చు గనక గుణించాలి: 20 × 12,341 = 2,46,820.

1,39,83,816ను ఈ 2,46,820తో భాగిస్తే 57కు కాస్త తక్కువ వస్తుంది. అంటే మూడు తగలడం యాభై ఏడింటిలో ఒకసారి జరిగేపని. ఏడాదికి యాభైరెండు వారాలు గదా! వారానికొక చీటీ కొనే మనిషికి సగటున ఏడాదికి ఇంచుమించు ఒకసారి మూడు తగులుతూనే ఉంటాయి. అది అదృష్టం దగ్గరపడిన గుర్తు కాదు. ఆట మామూలుగా సాగుతున్నదనడానికి గుర్తు.

ఆరూ తగిలే గుంపు మాత్రం ఒక్కటే. మూడు తగిలే గుంపులు 2,46,820 ఉంటే, ఆరు తగిలేది ఒక్కటి. మూడు దగ్గర నిలబడి చూస్తే ఆరు సగం దూరంలో లేదు. రెండు లక్షల నలభైఆరు వేల రెట్లు అరుదుగా ఉన్నది. పోనీ, అయిదు తగిలినవాడయినా అంచుకు వచ్చాడా? అయిదు తగిలే గుంపులు 6 × 43 = 258. అక్కడినుంచి కూడా ఆరు 258 రెట్లు అరుదు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇంకొకటి. తగిలిన మూడు సంఖ్యలూ వచ్చేవారానికి దాచిపెట్టి ఉంచరు. బంతులన్నీ మళ్ళీ పాత్రలోకి పోతాయి. మన లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

చివరకు అసలు ప్రశ్నకు వచ్చాం: ఎన్ని వారాలు కట్టాలి?

'1,39,83,816 వారాలు కడితే ఒకసారి తప్పక తగులుతుంది' అని తోస్తుంది. అదీ తప్పే! ఎలాగో పాచికతో చూడండి. పాచికకు ఆరు ముఖాలున్నవి. ఆరుసార్లు వేస్తే ఆరు చుక్కలు తప్పక పడతాయా? ఒకసారి వేస్తే పడకపోవడానికి ఆరింటిలో అయిదు పాళ్ళు అవకాశం ఉన్నది. ఆరుసార్లు వేసినా పడకపోవడానికి అయిదును ఆరుసార్లు గుణించి పైన, ఆరును ఆరుసార్లు గుణించి కింద రాయాలి: 15,625 పైన, 46,656 కింద. ఇది మూడోవంతు. అంటే ముగ్గురు పిల్లలు తలా ఆరుసార్లు పాచిక వేస్తే, సగటున ఒకడికి ఆరు పడనేపడదు. ఇంట్లో వేసి చూడండి. లాటరీలో ముఖాలు కోటి ముప్పైతొమ్మిది లక్షలు దాటినా ఇదే తీరు. అన్ని వారాలూ కట్టినా తగలకపోయే అవకాశం నూటికి ముప్పైఏడు పాళ్ళ దాకా ఉంటుంది.

ఆ వారాలన్నీ కలిపితే రెండు లక్షల అరవైఎనిమిది వేల సంవత్సరాలు పైమాటే. కనక నాయనా, నీ ప్రశ్నకు జవాబు ఇది: 'ఇన్ని వారాలకు తగులుతుంది' అని చెప్పగలిగిన సంఖ్య ఏదీ లేదు.

'మరి చీటీలన్నీ ఒకేవారం కొనేస్తేనో?' అని తెలివైనవాడొకడు తప్పక అడుగుతాడు. అప్పుడు తప్పక తగులుతుంది, నిజమే. చీటీకి 50 రూపాయల చొప్పున 69 కోట్ల 91 లక్షల 90 వేల 800 రూపాయలు కావాలి. వచ్చేది కోటి. దీనిని తిరగేసి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. కోటి రూపాయలను 1,39,83,816 చీటీలకు సమానంగా పంచితే ఒక్కొక్క చీటీకి 72 పైసలు వస్తాయి. అంటే నాయన 50 రూపాయలు ఇచ్చి, కోటి రూపాయల ఆశ కింద కొంటున్నది సగటున 72 పైసల సరుకు. చేపల బజారులో ఏ తక్కెడకైనా ఆయన ఇలా ఒప్పుకుంటాడా?

ఇదంతా బంతులు నిజంగా తీస్తున్నారనీ, బహుమతి నిజంగా ఇస్తారనీ ఒప్పుకుని చేసిన లెక్క. ఫోనులో వచ్చినదానికి ఆ నమ్మకం కూడా లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ చీటీల అమ్మకానికి అనుమతి లేదు. కేరళ వంటి కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వ లాటరీలు ఉన్నవి గాని, అక్కడ అచ్చువేసిన నంబరు గల చీటీ కొంటారు. నలభైతొమ్మిదిలో ఆరు ఏరుకోవడం ఉండదు. ఇక విదేశపు లాటరీ అంటారా, లాటరీ చీటీల కోసం మన దేశం నుంచి పైకి డబ్బు పంపడాన్ని 2000వ సంవత్సరపు విదేశీ మారక నియమాలు నిషేధించినవి. కనక ఆ 50 రూపాయలు ఏ బంతుల పాత్ర దగ్గరకు పోతున్నదో ఎవరూ చూడలేదు. 'మీకు బహుమతి వచ్చింది, పంపడానికి ముందుగా ఇంత కట్టండి' అని ఎప్పుడైనా కబురు వస్తే అది మోసమని రూఢిగా తెలుసుకోండి. ఇచ్చేవాడు ముందు అడగడు.

నాయనా, నీవు ఇంట్లో చేయవలసినది చెబుతాను. నాయనతో వాదన పెట్టుకోకు. వేట లేని రోజు చూసి, ఆయన ముందు అయిదు చీటీలూ చెంబూ పెట్టు. మూడు ఏరమను, నీవు తీయి. పది గుంపులున్న ఆటలోనే ఎన్నిసార్లు తప్పుతుందో ఆయనే చూస్తాడు. తర్వాత వెయ్యి గింజలు లెక్కపెట్టి చూపించి, ఇలాంటివి పదమూడువేల తొమ్మిదివందల ఎనభైమూడు కుప్పలని చెప్పు. చివరకు మాత్రం ఒక చిన్న గుణకారం చెయ్యి: 50 × 52 = 2,600. ఏడాదికి వల డబ్బులోంచి పోయేది అది. ఈ లెక్కలో మాత్రం సంభావ్యత లేదు, నూటికి నూరుపాళ్ళూ ఖాయం. సముద్రం మీద గాలి చూసి, నీటి రంగు చూసి పోవాలో మానాలో తేల్చుకునే మనిషికి ఇది తెలియకపోదు. ఎవరూ ఆయనకు లెక్క చూపించలేదు, అంతే.

ఏమయిందో మళ్ళీ ఉత్తరం రాయి. వల సంగతి కూడా రాయి.

ఇక పిల్లలందరికీ ఈ నెల లెక్క. చెంబులో ఏడు చీటీలున్నవి. వాటిలోంచి మూడు ఎన్ని విధాలుగా ఏరవచ్చు? నాలుగు ఎన్ని విధాలుగా ఏరవచ్చు? రెండు జవాబులూ చూస్తే మీకు ఒక వింత కనబడుతుంది. ఆ వింత ఎందుకు వచ్చిందో గుణకారం లేకుండా, మాటలతో రెండు వాక్యాలలో చెప్పాలి. చెప్పగలిగినవారి జవాబు వచ్చేనెల ఈ పుటలో వేస్తాను.